ఊర్లో ఉన్న తాత, బాపమ్మలకు ప్రోగ్రెస్ కార్డు సంగతి రాయడం ఎలా?

ఎస్ఏ-1 అనే అరసంవత్సరం పరీక్షల కార్డులు ఇంటికొచ్చే రోజుల్లో నన్ను చాలామంది ఒకటే అడుగుతుంటారు. "కార్డు ఫొటో తీసి ఊరికి వాట్సాప్‌ల పెట్టినం మేడం. గంటకే ఫోన్. 'పిల్ల ఫెయిలయిందా బిడ్డా?' అని ఏడ్చినంత పని చేసిండు మామయ్య. వాళ్లకు అర్థమయ్యేటట్టు ఎట్ల రాయాలె?"

నేను హనుమకొండలో టీచర్‌ను. మా అత్తమ్మ, మామయ్య పరకాల వైపు ఊర్లో ఉంటారు. కార్డులు నింపేదీ నేనే, కార్డు సంగతి ఊరికి రాసేదీ నేనే. మొదట నేనూ కార్డు ఫొటోనే పంపాను, పై మాటలే విన్నాను. ఏడో తరగతి చదివే మా పాప కార్డునే ఉదాహరణగా పెట్టుకుని మొత్తం పద్ధతి చెబుతాను. పాపను ఇక్కడ బుజ్జి అనే పిలుస్తాను.

## 1. ముందుగా తేల్చుకోవాల్సింది: చదివేది ఎవరు?

రాసేది తాత, బాపమ్మలకే. కానీ చాలా ఇళ్లలో చదివేది మూడో మనిషి. మా అత్తమ్మకు అక్షరం రాదు. మామయ్యకు వచ్చు గానీ కంటి ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు ఆనవు. పక్కింటి ఇంటర్ పిల్లగాడు అరుగు మీద కూర్చుని గట్టిగా చదివి వినిపిస్తాడు. అప్పటికి అక్కడ ఇంకో నలుగురు ఉంటారు.

దీన్ని బట్టి మూడు సంగతులు మారతాయి. వాక్యాలు చెవికి అందేలా పొట్టిగా ఉండాలి. మాట ఇంట్లో మాట్లాడే మాటే కావాలి. నేనొకసారి "విద్యాపరమైన పురోగతి సంతృప్తికరం" అని రాస్తే, అత్తమ్మ "గిదేంది, సర్కారు కాయితమా?" అన్నది. ఇక మూడోది, నలుగురి ముందు చదివినా పిల్ల తల వంచుకోవాల్సిన మాట ఒక్కటి కూడా అందులో ఉండొద్దు. వాళ్లకు మాత్రమే చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఫోన్‌లో విడిగా చెప్పాలి.

రాయడానికి కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- ప్రోగ్రెస్ కార్డు, దాని వెనక ఉన్న గ్రేడ్ల పట్టిక
- తక్కువ మార్కులొచ్చిన సబ్జెక్టు జవాబు పత్రం
- పిల్ల ఈ మధ్య చేసిన ప్రాజెక్టు, లేదా దాని ఫొటో
- హాజరు లెక్క
- పిల్ల (పక్క గదిలో ఉన్నా చాలు, చివర్లో పని పడుతుంది)

## 2. కార్డును ముందు మీరు సరిగ్గా చదవండి

బుజ్జి కార్డులో ఉన్నవి ఇవి. మొదటి అంకె రోజువారీ పనికి వేసే ఎఫ్ఏల సగటు, 20కి. రెండోది ఎస్ఏ-1 రాత పరీక్ష, 80కి. చివరిది రెండూ కలిపి 100కి.

- తెలుగు: 18 + 68 = 86, ఏ గ్రేడు
- హిందీ: 15 + 52 = 67, బీ ప్లస్
- ఇంగ్లీషు: 16 + 59 = 75, ఏ
- లెక్కలు: 14 + 33 = 47, బీ
- సైన్సు: 17 + 57 = 74, ఏ
- సోషల్: 19 + 71 = 90, ఏ

మొత్తం 600కి 439, అంటే 73 శాతం.

మామయ్య ఎందుకు కంగారు పడ్డాడో ఇక్కడే కనిపిస్తుంది. ఆయనకు తెలిసిన లెక్క ఒకటే: 35 వస్తే పాసు, రాకపోతే ఫెయిలు. ఫొటోలో లెక్కల ఎదురుగా 14 కనబడింది, దాని పక్కన 33. రెండూ 35 లోపే. ఒకటి 20కి, ఇంకోటి 80కి అన్నది పైన ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. అది ఆయనకు ఆనలేదు. 80కి 35 శాతం అంటే 28, కాబట్టి 33 పాసే. కానీ ఫొటో ఈ మాట చెప్పదు.

గ్రేడ్లతో ఇంకో చిక్కు. మా కార్డు వెనక పట్టికలో 91 పైన ఏ ప్లస్, 71 నుంచి 90 దాకా ఏ, 51 నుంచి 70 దాకా బీ ప్లస్, 41 నుంచి 50 దాకా బీ. కాబట్టి సైన్సులో 74కీ ఏ, సోషల్‌లో 90కీ ఏ. ఒక్క మార్కు పెరిగితే సోషల్ ఏ ప్లస్ అయ్యేది. గ్రేడు మాత్రమే రాస్తే ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. అన్ని బళ్లలో పట్టిక ఒకేలా ఉండదు. సీబీఎస్ఈ బడి కార్డులో ఏ1, ఏ2 అని వేరేగా ఉంటుంది. మీ కార్డు వెనక ఏముందో చూసుకోండి, పక్కింటి పిల్ల కార్డు చూసి అనుకోవద్దు.

ఎక్కువమంది చూడకుండా వదిలేసేది ఒకటుంది. ఒకే సబ్జెక్టులో ఎఫ్ఏకీ ఎస్ఏకీ మధ్య ఎంత తేడా ఉందో చూడండి. ఎఫ్ఏలోని 20 మార్కులు నాలుగు చోట్ల నుంచి వస్తాయి, ఒక్కోదానికి 5: క్లాసులో పాల్గొనడం, నోటుబుక్కు రాత, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు. అంటే అది రోజువారీ పని. ఎస్ఏ అంటే ఒక్క పూట కూర్చుని రాసే పెద్ద పరీక్ష.

బుజ్జికి లెక్కల ఎఫ్ఏలో 20కి 14, అంటే 70 శాతం. ఎస్ఏలో 80కి 33, అంటే 41 శాతం. రోజూ పని చేసే పిల్ల పెద్ద పరీక్షలో ఎక్కడో ఆగిపోయిందని ఆ తేడా చెబుతోంది. ఇది బద్ధకం కాదు. ఊరికి రాసే మాట కూడా దీన్ని బట్టే మారుతుంది. ఇదే తిరగబడి, ఎఫ్ఏలో తక్కువ, ఎస్ఏలో ఎక్కువ ఉంటే నోటుబుక్కులు, ప్రాజెక్టులు సమయానికి ఇవ్వడం లేదేమో అడగాలి.

## 3. కారణం తెలుసుకోకుండా రాయొద్దు

కార్డు అడుగున టీచర్ రాసిన మాట మీద ఆధారపడకండి. టీచర్‌నే కాబట్టి చెబుతున్నాను. నలభై కార్డులు ఒక్క సాయంత్రం నింపేటప్పుడు "క్యాన్ డూ బెటర్" అనే మాట చేతికి దానంతట అదే వస్తుంది. దాన్ని తెలుగులోకి మార్చి ఊరికి పంపితే తాతకు అందేది "ఇంకా బాగా చదవాలట" అన్న ఒక్క ముక్క. దాంతో ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో ఆ సబ్జెక్టు సార్‌ను రెండే అడగండి. మార్కులు ఏ పాఠంలో పోయాయి? తెలియక పోయాయా, టైం చాలక పోయాయా?

తర్వాత జవాబు పత్రం మీరే చూడండి. బుజ్జి పేపరులో చివరి పెద్ద లెక్కలు ఖాళీగా ఉన్నాయి. ముందు పేజీల్లో భిన్నాల దగ్గర కొట్టివేతలే కొట్టివేతలు. ఒకచోట ఇలా ఉంది: 3/4 + 1/2 = 4/6. పై అంకెలు పైనే కూడింది, కింది అంకెలు కిందే కూడింది. ఈ వయసులో చాలామంది చేసే తప్పే ఇది. అక్కడే తిప్పలు పడి టైమంతా పోగొట్టుకుంది.

ఇప్పుడు నా చేతిలో "లెక్కలు రావు" అనే మాట కాకుండా "పావు, అర, ముప్పావు కూడడం తప్పుతోంది" అనే మాట ఉంది. ఇది తాతకు చెప్పగలిగిన మాట.

## 4. అంకెలను వాళ్ల లెక్కలోకి మార్చండి

మొదటి నియమం: ఉత్తరంలో 20కి, 80కి ఇన్ని అనే అంకెలు రాయొద్దు. రాస్తే నూటికి మాత్రమే రాయాలి, అది కూడా ఒకటి రెండు చోట్లే.

మిగతావన్నీ వంతుల్లో చెప్పండి. సగం, ముప్పావు, సగానికి కొంచెం తక్కువ. డెబ్బై దాటినవాళ్లకు అణాల లెక్క ఇంకా నోట్లోనే ఉంటుంది. రూపాయికి పదహారణాలు. పన్నెండణాలంటే 75 శాతం. బుజ్జి మొత్తం 73 శాతం కాబట్టి "రూపాయికి పన్నెండణాల దాక" అంటే సరిపోతుంది. లెక్కల్లో 47 అంటే ఎనిమిదణాలకు కొంచెం తక్కువ. సోషల్ 90 అంటే పద్నాలుగణాల పైనే. మీ ఇంట్లో అణాల మాట నడవకపోతే దాన్ని బలవంతంగా తేవొద్దు, సగం, ముప్పావు చాలు.

"ఎన్నో నంబరు వచ్చింది?" అని తాత తప్పక అడుగుతారు. వాళ్లకు ర్యాంకు తెలుసు. కార్డులో ర్యాంకు లేకపోతే "ఇప్పుడు నంబర్లు ఇస్తలేరు మామయ్యా" అని ఒక్క ముక్కలో చెప్పేయండి. ఉంటే అది ఉత్తరంలో పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే పెట్టను. మా ఆడబిడ్డ కొడుకు అదే తరగతి. నంబరు ఊరికి చేరిందంటే పండుగ పూట ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి కొలుస్తారు.

## 5. వరస ముఖ్యం

మొదటి మూడు వాక్యాలు వినేసరికే వాళ్ల గుండె దడ తగ్గాలి. తాత వినడానికి కూర్చునేది ఒకే ఒక్క ప్రశ్నతో: పాసయిందా లేదా? దానికి జవాబు మూడో పేరాలో దొరికితే మధ్యలో చదివిందేదీ ఆయన చెవికి ఎక్కదు.

నేను పాటించే వరస ఇది:

1. అందరూ మంచిగున్నారు, పిల్ల పాసయింది.
2. అన్నిటికంటే బాగా వచ్చిన సబ్జెక్టు. వీలైతే దాన్ని తాతకో బాపమ్మకో ముడిపెట్టాలి.
3. మిగతా సబ్జెక్టులు, ఒకటి రెండు వాక్యాల్లో.
4. వెనకబడింది ఏది, ఎందుకు, ఇంట్లో ఏం చేస్తున్నాం.
5. హాజరు.
6. వాళ్లకు ఒక చిన్న పని.
7. ఎప్పుడు వస్తాం.

రెండో అంశంలో ముడిపెట్టడం అంటే పొగడ్త కాదు, నిజంగా జరిగింది చెప్పడం. ఏడో తరగతి సోషల్‌లో కాకతీయుల పాఠం ఉంది. వాళ్లు తవ్వించిన చెరువుల మీద ప్రాజెక్టు ఇస్తే, బుజ్జి వాళ్ల తాతకు ఫోన్ చేసి ఊరి చెరువు తూము ఎక్కడుంటుంది, నీళ్లు ఎట్ల విడుస్తారు అని అడిగింది. ఆయన అరగంట చెప్పాడు. అది బొమ్మ గీసి పెట్టింది. ఇలాంటిది ఏదీ లేకపోతే ఊరికే కల్పించొద్దు. "మీ ఆశీర్వాదం వల్ల" అని రాయడం కంటే వదిలేయడం మేలు.

హాజరు దగ్గర ఒక జాగ్రత్త. బుజ్జి 96 రోజుల్లో 87 రోజులు బడికి వెళ్లింది. పోని 9 రోజుల్లో 6 రోజులు జ్వరం. అప్పట్లో వాళ్లకు చెప్పలేదు, టెన్షన్ పడతారని. అలాంటప్పుడు ఆ సంగతి ఉత్తరంలో మొదటిసారి తెలియకూడదు. పంపే ముందురోజు ఫోన్‌లో చెప్పేయాలి. లేకపోతే మార్కులు పక్కకు పోయి, "జ్వరమొస్తే మాకు చెప్పలే" అన్న అలక ఒక్కటే మిగులుతుంది. మాకు ఒకసారి అదే జరిగింది, రెండు వారాలు.

## 6. తక్కువ మార్కుల పేరా

ఈ ఒక్క పేరా మీద, మిగతా ఉత్తరం మొత్తం మీద పెట్టినంత టైం పెట్టండి.

ఇక్కడ జనం రెండు రకాలుగా పొరపాటు చేస్తారు. కొందరు దాచేస్తారు. "లెక్కలు కూడ మంచిగనే వచ్చినయి" అని రాస్తారు. సంక్రాంతికి ఊరికెళ్లినప్పుడు ఎవరో అడుగుతారు, పిల్ల నిజం చెబుతుంది, ఇక మీ తర్వాతి ఉత్తరాన్ని ఎవరూ నమ్మరు. ఇంకొందరు పిల్ల మీద తీర్పు రాస్తారు. "లెక్కల్ల మొద్దు", "టీవీ ఎక్కువైంది" అని. అది అరుగు మీద నలుగురి ముందు పైకి చదివే కాగితమని మరచిపోతారు.

నేను నాలుగు సంగతులు రాస్తాను. ఎంత వచ్చింది. పాసా కాదా. ఎక్కడ తప్పు పోతోంది. మేమేం చేస్తున్నాం. నాలుగో సంగతిలో నిజంగా చేస్తున్నదే ఉండాలి. "ట్యూషన్ పెట్టిద్దామనుకుంటున్నం" అని రాస్తే మామయ్య వారం వారం "పెట్టించిన్రా?" అని అడుగుతాడు.

"ఎక్కడ తప్పు పోతోంది" అన్నది వాళ్ల చేతిలో ఉన్న వస్తువుతో చెప్పగలిగితే ఇంకా మంచిది. భిన్నాలు అనగానే మామయ్యకు అర్థం కాదు. గుంటలు అంటే నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఎకరానికి 40 గుంటలు. ముప్పావెకరం 30, అరెకరం 20. రెండూ కలిపితే 50, అంటే ఎకరం మీద 10 గుంటలు. బుజ్జి రాసిన జవాబు 4/6. గుంటల్లో చూస్తే అది 27 కూడా కాదు. 30 గుంటల చేనుకు ఇంకో 20 గుంటలు కలిపితే 30 కంటే తగ్గుతుందా? నాకు గంట పట్టిన వివరణ మామయ్య ఒక్క మాటలో తేల్చేశాడు: "కలిపినంక చెలక తక్కువెట్లయితది బిడ్డా?"

పిల్ల నిజంగా ఫెయిలయి ఉంటే వరస ఇదే, కానీ మొదటి వాక్యం మారుతుంది. "అయిదు సబ్జెక్టులు పాసయింది, లెక్కలు పోయినయి, మళ్ల పెద్ద పరీక్ష ఏప్రిల్‌ల ఉన్నది" అని మొదట్లోనే చెప్పాలి. ఆ ఉత్తరం పంపే ముందు ఫోన్ చేసి నోటితో చెప్పండి. అలాంటి మాట మూడో మనిషి గొంతులో మొదటిసారి వినబడకూడదు.

## 7. పూర్తయిన ఉత్తరం

పోయిన నవంబరులో నేను పంపింది ఇదే. మా ఇంటి మాటలోనే రాశాను. గట్టిగా చదివితే రెండు నిమిషాల లోపే అయిపోతుంది.

> మామయ్యకు, అత్తమ్మకు నమస్కారం.
>
> ఇక్కడ అందరం మంచిగున్నం. బుజ్జి అరసంవత్సరం పరీక్షలు అయినయి. అన్నిట్ల పాసయింది. మొత్తం మీద రూపాయికి పన్నెండణాల దాక వచ్చినయి.
>
> అన్నిటికంటె సోషల్‌ల మంచిగొచ్చినయి, నూటికి తొంభై. మామయ్యా, మీరు ఫోన్‌ల చెప్పిన తూము సంగతి, కట్ట సంగతి బొమ్మ గీసి పెట్టింది. సార్ దాన్ని క్లాసుల అందరికి చూపించిన్రు.
>
> తెలుగు కూడ మంచిగొచ్చింది. ఇంగ్లీషు, సైన్సు ముప్పావు వంతు. హిందీ అంతకంటె కొంచెం తక్కువ.
>
> లెక్కలల్ల సగానికి కొంచెం తక్కువ వచ్చినయి. పాసే. రోజు బళ్లె చెప్పింది మంచిగనే చేస్తది. పావు, అర, ముప్పావు కలిపే కాడ తప్పు పోతున్నది. పరీక్షల అక్కడనే టైం అయిపోయి ఎనక లెక్కలు ముట్టుకోలేదు. కార్డు వచ్చినప్పటి సంది రోజు రాత్రి అరగంట నేను కూసోబెట్టి చేపిస్తున్న.
>
> జ్వరం వచ్చిన ఆరు రోజులు, ఇంకో మూడు రోజులు తప్ప అన్ని రోజులు బడికి పోయింది. ఇప్పుడు మంచిగ తింటున్నది.
>
> మామయ్యా, మీకు ఒక పని. ఆదివారం ఫోన్ చేసినప్పుడు గుంటల లెక్క ఒకటి అడుగుండ్రి. "ఎకరంల ముప్పావు పత్తి పెట్టిన, మిగిలిన దాంట్ల కంది పెట్టిన. కంది ఎన్ని గుంటలు?" అసొంటిది. తప్పు చెప్తే ఇంకోసారి అడుగుండ్రి. అత్తమ్మా, తెలుగు పుస్తకంల పద్యాలు మీకు ఫోన్‌ల సదివి వినిపిస్త అంటున్నది.
>
> సంక్రాంతి సెలవులకు వస్తం.
>
> మీ కోడలు
>
> తాతా, లెక్కలల్ల నాకే టైం సాలలేదు. సంక్రాంతికి వచ్చేవరకు గుంటల లెక్క నువ్వు ఎట్ల అడిగినా చెప్త. — బుజ్జి

వాళ్లకిచ్చే పని గురించి ఒక్క మాట. "చదువు మీద శ్రద్ధ పెట్టమని చెప్పండి" అని రాస్తే అది పని కాదు, తిట్టమని పర్మిషన్ ఇచ్చినట్టు. ఏం అడగాలో, ఎప్పుడు అడగాలో, తప్పు చెబితే ఏం చేయాలో రాయండి. ఒక్కరికి ఒక్కటే. బాపమ్మకు చదువు రాకపోయినా ఆమెకు కూడా ఒకటి ఉండాలి, వినడమైనా సరే.

## 8. పంపే ముందు పిల్లకు వినిపించండి

ఇది వదలొద్దు. బుజ్జికి చదివి వినిపిస్తే మొదట "లెక్కల ముచ్చట తాతకు చెప్పకు" అని మూతి ముడుచుకుంది. దాచితే ఏమవుతుందో చెప్పాను. "అయితే ఆ మాట నేనే రాస్త" అన్నది. చివరి రెండు వాక్యాలు అలా వచ్చినవే. నేను ముందు "లెక్కల్లో భయపడుతుంది" అని రాసుకున్నాను. "నాకు భయం లేదు, టైం సాలలేదు" అని కొట్టేయించింది. జవాబు పత్రం చూస్తే దాని మాటే నిజం.

పిల్ల వద్దన్న వాక్యాన్ని అలాగే పంపకండి. నిజం మారకుండా మాట మార్చండి.

## 9. ఎలా పంపాలి

కాగితం మీదయితే గీతల ఫుల్‌స్కేప్ తీసుకుని గీత విడిచి గీత రాయండి. నల్ల సిరా, లావు రాత. ఒక్క కాగితం దాటొద్దు, దాటితే ఏదో ఒకటి తీసేయండి. ఊరికి పోయేవాళ్ల చేత పంపితే చాలు.

వాట్సాప్‌లో అయితే పొడుగాటి మెసేజ్ కంటే మీ గొంతుతో చదివి వాయిస్ పెట్టడం మేలు. అత్తమ్మ దాన్ని నాలుగు సార్లు వింటుంది. దాంతోపాటు కాగితం ఫొటో కూడా పెట్టండి. కార్డు ఫొటో మాత్రం అదే రోజు పెట్టకండి. అడిగితే తర్వాత పెట్టండి, లేదా ఊరికెళ్లినప్పుడు పక్కన కూర్చుని చూపించండి. ఫ్యామిలీ గ్రూపులో అసలే వద్దు. అక్కడ తాత, బాపమ్మలతో పాటు ముప్పై మంది ఉంటారు.

పంపే ముందు చూసుకోవాల్సినవి:

- మొదటి మూడు వాక్యాల్లో "పాసయింది" ఉందా?
- 20కి, 80కి అనే అంకెలు ఎక్కడైనా మిగిలాయా?
- ఎఫ్ఏ, ఎస్ఏ, గ్రేడు అనే మాటలు ఉన్నాయా? ఉంటే తీసేయండి.
- ఇంకో పిల్ల పేరు, పోలిక ఎక్కడైనా ఉందా?
- జ్వరం లాంటి కొత్త సంగతి ముందే ఫోన్‌లో చెప్పారా?
- ఇద్దరికీ చెరొక పని ఉందా?
- పిల్ల విన్నదా?

## 10. సరిగ్గా అందిందో లేదో ఎలా తెలుస్తుంది?

వాళ్ల నుంచి వచ్చే మొదటి ఫోన్‌లో మొదటి ప్రశ్న వినండి.

"పాసేనా?" అని అడిగితే మీ మొదటి పేరా పనిచేయలేదు. చదివినవాళ్లు తడబడ్డారేమో, లేదా ఆ మాట పొడుగు వాక్యంలో మునిగిపోయిందేమో. ఫోన్‌లోనే ఒక్క వాక్యంలో చెప్పేయండి. వచ్చేసారి "పాసయింది" అనే మాటను ఒంటరి వాక్యంగా రాయండి.

"పానం ఎట్లున్నది?" అని అడిగితే హాజరు పేరా వాళ్లను భయపెట్టింది. పిల్లకు ఫోన్ ఇచ్చి మాట్లాడించండి.

"లెక్కలెందుకు తగ్గినయి?" అని కోపంగా అడిగితే కారణం సరిగ్గా అందలేదు. అప్పుడు మొత్తం వివరించకుండా పేపరులోని ఒక్క తప్పును గుంటల్లో చెప్పండి. కోపం ఉన్నప్పుడు పిల్లకు ఫోన్ ఇవ్వకండి, పొద్దున చేయిస్తానని చెప్పండి.

మామయ్య పోయినసారి అడిగిన మొదటి మాట: "పిల్ల ఉన్నదా? ఒక లెక్క అడుగుత." అది కంది లెక్క కాదు. ఎకరంన్నరలో పావు వంతు నీళ్లల్ల మునిగితే ఎన్ని గుంటలు మిగిలినట్టు అని అడిగాడు. బుజ్జి కాగితం తీసుకుని 60లో పావు 15, మిగిలింది 45 అని చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన ఫోన్ పట్టుకుని అట్లనే ఉన్నాడు.

ఉత్తరం నకలు ఒకటి కార్డు కవర్లోనే పెట్టుకోండి. ఏప్రిల్‌లో ఎస్ఏ-2 అయ్యాక రాసేటప్పుడు లెక్కల పేరా మొదలుపెట్టాల్సింది ఇప్పుడు రాసిన నాలుగో సంగతి నుంచే: రోజూ అరగంట అన్నాం, ఎన్నాళ్లు చేశాం, ముప్పావు కలపడం ఇప్పుడు వస్తోందా?